బరువు లేని ఫోల్డరు

అనువాదాలు చేసి జీవించే ఒకామె ఉందనుకుందాం. ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసే రోజులు దగ్గరపడ్డాయి. ఏడాదిలో తను పంపిన ఇన్వాయిస్‌లన్నీ ఆడిటరుకు ఇవ్వాలి. అవి ఆమె మ్యాక్‌లో ఒకచోట లేవు. కొన్ని డౌన్‌లోడ్స్‌లో, కొన్ని డెస్క్‌టాప్ మీద, మిగతావి ఏ క్లయింటువి ఆ క్లయింటు ఫోల్డర్లో ఉన్నాయి. ఎవరో చెబితే స్మార్ట్ ఫోల్డరు ఒకటి తయారుచేసుకుంది. దానికి `invoices-24-25` అని పేరు పెట్టింది. తెరిచి చూస్తే 64 పీడీఎఫ్‌లు వరుసగా నిలబడి ఉన్నాయి. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ ఫోల్డర్ని పట్టుకుని పెన్‌డ్రైవ్ మీదికి లాగింది. కన్ను మూసి తెరిచేలోగా కాపీ అయిపోయింది.

అనుమానం రావాల్సింది అక్కడే. 64 పీడీఎఫ్‌లు అంత తొందరగా కాపీ కావు.

ఆడిటరు ఆఫీసులో విండోస్ కంప్యూటరుకు పెన్‌డ్రైవ్ పెడితే అందులో ఫోల్డరే లేదు. `invoices-24-25.savedSearch` అని ఒకే ఒక్క ఫైలుంది, కొద్ది కిలోబైట్లది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కోణపు బ్రాకెట్ల మధ్య ఏవో ఇంగ్లిష్ మాటలు, ఆమె కంప్యూటర్లోని కొన్ని ఫోల్డర్ల దారులు కనిపించాయి. ఇన్వాయిస్ ఒక్కటీ లేదు.

పెన్‌డ్రైవ్ పాడవలేదు, ఫైళ్లూ పోలేదు. 64 ఇన్వాయిస్‌లు ఇంట్లో మ్యాక్‌లో ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయి. ఆమె పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లింది ఇన్వాయిస్‌లను కాదు, ఇన్వాయిస్‌లు ఎక్కడున్నాయో వెతకమనే ఒక ఆదేశాన్ని. ఫోల్డరులా కనిపించి, ఫోల్డరులా తెరుచుకుని, లోపల మాత్రం ఏమీ దాచుకోని ఈ వస్తువు మ్యాక్‌లో ఇరవై ఏళ్లుగా ఉంది. దీన్ని వాడేవాళ్లలో చాలామందికి అది ఏమిటో సరిగ్గా తెలియదు. తెలియకుండానే రోజూ వాడుతున్నవాళ్లు ఇంకా ఎక్కువమంది. వాళ్ల సంగతికి తర్వాత వద్దాం.

మామూలు ఫోల్డరు ఇంట్లో ట్రంకు పెట్టె లాంటిది. అందులో పెట్టిన చీర అందులోనే ఉంటుంది. పెట్టెను ఎత్తి వేరే గదిలో పెడితే చీరా దానితోపాటే వెళుతుంది. స్మార్ట్ ఫోల్డరు పెట్టె కాదు, కిటికీ. కిటికీలోంచి చూస్తే పెరట్లో మామిడిచెట్టు కనిపిస్తుంది. అలాగని చెట్టు కిటికీలో ఉందని ఎవరూ అనరు. కిటికీ చట్రాన్ని ఊడదీసి పక్క ఊరికి మోసుకెళితే, అక్కడ దాంట్లోంచి ఆ ఊరి పెరడే కనిపిస్తుంది.

ఇది ఉట్టి పోలిక కాదు, మ్యాక్‌లో అచ్చంగా ఇలాగే జరుగుతుంది. ఆడిటరు దగ్గర విండోస్‌కు బదులు మరో మ్యాక్ ఉండి, ఆ చిన్న ఫైలును అక్కడ తెరిచి ఉంటే సంగతి ఇంకా తికమకగా ఉండేది. వెతికే చోటు `This Mac` అని పెట్టి ఉంటే, ఆ ఆదేశం ఆడిటరు మ్యాక్‌లో వెతికి, ఆడిటరు సొంత ఇన్వాయిస్‌లను తెచ్చి చూపించేది. అనువాదకురాలు తనవి అనుకుని తెరిస్తే ఎవరివో బిల్లులు! వెతికే చోటు ఆమె మ్యాక్‌లోని ఫలానా ఫోల్డరు మాత్రమే అని పెట్టి ఉంటే, ఆ దారి అక్కడ లేదు కాబట్టి కిటికీలో ఏమీ కనిపించేది కాదు.

అసలు ఆమె దాన్ని ఎలా తయారుచేసిందో చూస్తే ఇదంతా ఎందుకు జరుగుతుందో తేటపడుతుంది. ఫైండర్‌లో `File` మెనూ తెరిచి `New Smart Folder` నొక్కింది. ఖాళీ వెతుకులాట కిటికీ ఒకటి తెరుచుకుంది. పైన `This Mac` ఎంచుకుంది. కుడివైపున ఉన్న కూడిక గుర్తు నొక్కగానే ఒక షరతు వరుస వచ్చింది. అందులో `Kind` అనేది `PDF` అని పెట్టింది. మళ్లీ కూడిక గుర్తు నొక్కి, పేరులో `invoice` ఉండాలంది. మరో రెండు వరుసల్లో, ఫైలు తయారైన తేదీ 2024 మార్చి 31 తర్వాతదీ, 2025 ఏప్రిల్ 1కి ముందుదీ అయి ఉండాలంది. షరతులు పెడుతున్నకొద్దీ కింద జాబితా చిక్కుతూ వచ్చింది. చివరికి `Save` నొక్కి పేరు పెట్టింది. `Add To Sidebar` అనే గడిలో టిక్కు ఉండడంతో పక్కపట్టీలో గేర్ గుర్తుతో ఆ పేరు వచ్చి చేరింది.

ఇందులో ఎక్కడా ఒక్క ఫైలునైనా ఎత్తి ఎక్కడా పెట్టలేదు. సేవ్ అయినవి నాలుగు షరతులు, వెతికే చోటు, జాబితా ఎలా కనిపించాలనే వివరాలు, అంతే. ఇవన్నీ ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఒక చిన్న ఫైలుగా వాడుకరి సొంత లైబ్రరీ ఫోల్డర్లోని `Saved Searches` అనే చోటికి వెళ్తాయి. ఆ లైబ్రరీ మామూలుగా కంటికి కనబడదు. `Option` మీట నొక్కి పట్టుకుని ఫైండర్‌లో `Go` మెనూ తెరిస్తే అందులో `Library` కనిపిస్తుంది. నమ్మకం కుదరనివాళ్లు టెర్మినల్ తెరిచి ఇలా అడిగి చూడవచ్చు:

```
cd ~/Library/Saved\ Searches
ls
cd invoices-24-25.savedSearch
```

రెండో వరుసకు ఫైలు పేరు కనిపిస్తుంది. మూడో వరుసకు `not a directory` అని జవాబొస్తుంది. ఫైండరు ఫోల్డరు బొమ్మ వేసి చూపించినదాన్ని టెర్మినల్ ఫైలు అనే అంటోంది. ఇద్దరిలో టెర్మినల్ చెప్పేదే నిజం.

నాలుగు షరతులు సరే, వాటికి సరిపోయే ఫైళ్లను క్షణంలో ఎవరు తెస్తున్నారు? ఫోల్డరు తెరిచిన ప్రతిసారీ డిస్క్ మొత్తం గాలిస్తే నిమిషాలు పడుతుంది. ఆ పని ముందే జరిగిపోయి ఉంటుంది. మ్యాక్‌లో స్పాట్‌లైట్ అనే వ్యవస్థ ఎప్పుడూ వెనకాల పనిచేస్తూ ఉంటుంది. ఒక ఫైలు కొత్తగా వచ్చినా, మారినా, పేరు తిరిగినా దాని వివరాలను ఒక సూచికలో రాసుకుంటుంది. ఏ రకం ఫైలు, ఎప్పుడు తయారైంది, ఎంత పెద్దది, చివరిసారి ఎప్పుడు తెరిచారు, లోపల ఏ మాటలున్నాయి అన్నవన్నీ అందులోకి ఎక్కుతాయి. లావుపాటి పుస్తకం చివర అకారాది పట్టిక ఉంటుంది కదా, అలాంటిదే ఇదీ. స్మార్ట్ ఫోల్డరు తెరిస్తే మ్యాక్ వెతికేది పుస్తకంలో కాదు, ఈ పట్టికలో. అందుకే అంత వేగం. కొత్త ఇన్వాయిస్ సేవ్ చేసిన కాసేపటికి అది తనంతట తానే జాబితాలోకి వచ్చి కూర్చునేదీ ఇందువల్లే. పట్టికలో ఎక్కనిది డిస్క్‌లో ఉన్నా స్మార్ట్ ఫోల్డరు దృష్టిలో లేనట్టే.

ఈ ఆలోచన ఒక్కరోజులో పుట్టలేదు. ఫైలు ఎక్కడుందన్నది కాకుండా, అది ఎలాంటిదన్నది చెప్పి తెప్పించుకునే ఫోల్డర్ల గురించి 1991లోనే అమెరికాలోని ఎంఐటీలో డేవిడ్ గిఫర్డ్ బృందం ఒక పరిశోధనా పత్రం రాసింది. వాటికి వాళ్లు పెట్టిన పేరుకు అర్థం ‘మిథ్యా డైరెక్టరీలు’ అని. తొంభైల్లో బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ ఆలోచనను మామూలు వాడుకరి చేతికి తెచ్చింది. ప్రశ్నను సేవ్ చేసుకుంటే అది ఫోల్డరులా తెరుచుకునేది, జవాబులు ఎప్పటికప్పుడు మారేవి. దాని ఫైల్ సిస్టమ్‌ను రాసినవాళ్లలో ముఖ్యుడు డొమినిక్ జియాంపావొలో. బీఓఎస్ మార్కెట్లో నిలవలేదు. ఆయన 2002లో ఆపిల్‌లో చేరి స్పాట్‌లైట్ మీద పనిచేశాడు. 2005 ఏప్రిల్ 29న మ్యాక్ ఓఎస్ టెన్ టైగర్ విడుదలైనప్పుడు స్పాట్‌లైట్, స్మార్ట్ ఫోల్డర్లు రెండూ కలిసే వచ్చాయి. అవి కవల పిల్లలు. ఒకటి లేనిదే మరొకటి లేదు.

ఇక అందరికీ తెలియాల్సిన సంగతి, నష్టం జరిగేది కూడా ఇక్కడే.

మన అనువాదకురాలు ఇంటికి తిరిగొచ్చింది. ఈసారి స్మార్ట్ ఫోల్డరు తెరిచి, `Command` మీటతో `A` నొక్కి 64 ఫైళ్లనూ ఎంచుకుని, పెన్‌డ్రైవ్‌లో మామూలు ఫోల్డరు చేసి అందులోకి లాగింది. ఇది సరైన పద్ధతి. ఇప్పుడు నిజమైన ఫైళ్లే కాపీ అవుతాయి. మధ్యలో ఫైండరు ఆగి, `invoice.pdf` అనే పేరుతో ఇప్పటికే ఒకటుంది, ఏం చేయమంటావని అడిగింది. ఎందుకడగదు? ముగ్గురు క్లయింట్ల ఫోల్డర్లలో మూడు వేర్వేరు ఇన్వాయిస్‌లకు ఒకటే పేరుంది. వాటి వాటి ఫోల్డర్లలో ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. స్మార్ట్ ఫోల్డరు జాబితాలోనూ మూడూ పక్కపక్కనే కనిపించాయి, ఎందుకంటే అక్కడ అవి నిజంగా కలిసి లేవు. ఒక నిజమైన ఫోల్డరులోకి రావాల్సి వచ్చేసరికి పేర్లు ఢీకొన్నాయి. అక్కడ తొందరపడి `Replace` నొక్కితే మూడింటిలో ఒకటే మిగులుతుంది, ఆడిటరుకు రెండు తక్కువ వెళ్తాయి. `Keep Both` నొక్కాలి. ఆమె అదే నొక్కింది. లెక్క చూసుకుంటే 64 వచ్చాయి.

కాపీ అయ్యాక ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. అసలు ఫైళ్లు క్లయింట్ల ఫోల్డర్లలో ఉన్నాయి, ఇక్కడున్నవి వట్టి నీడలే కదా, పని అయిపోయింది కాబట్టి వీటిని తుడిచేద్దాం అనుకుంది. స్మార్ట్ ఫోల్డర్లో అన్నీ ఎంచుకుని `Command` మీటతో `Delete` నొక్కింది. జాబితా ఖాళీ అయింది. తర్వాత క్లయింటు ఫోల్డరు తెరిచి చూస్తే అక్కడ కూడా ఇన్వాయిస్‌లు లేవు.

లోపల ఏమీ లేదని తెలిసినవాళ్లు కూడా పడే గొయ్యి ఇది. ఇంకా చెప్పాలంటే, సగం తెలిసినవాళ్లే ఇందులో ఎక్కువగా పడతారు. స్మార్ట్ ఫోల్డరు ఖాళీ అన్నమాట నిజమే, కానీ అందులో కనిపించే ఫైళ్లు నీడలు కావు, షార్ట్‌కట్లూ కావు. అవి అసలు ఫైళ్లే. కిటికీలోంచి చెయ్యి చాపి మామిడికాయ కోసినా కోసింది చెట్టు మీది కాయనే. పేరు మారిస్తే అసలు ఫైలు పేరు మారుతుంది. తెరిచి రాసి సేవ్ చేస్తే అసలు ఫైలే మారుతుంది. తుడిచేస్తే అసలు ఫైలే ట్రాష్‌లోకి పోతుంది. ఆమె అదృష్టం, ట్రాష్ ఇంకా ఖాళీ చేయలేదు. అందులోకి వెళ్లి ఆ ఫైళ్లను ఎంచుకుని `Put Back` నొక్కితే ఏ ఫోల్డరు నుంచి వచ్చినవి ఆ ఫోల్డరుకే తిరిగి వెళ్లాయి. ట్రాష్ ఖాళీ చేసి ఉంటే టైమ్ మెషీన్ బ్యాకప్ లాంటిదేదో ఉంటే తప్ప దారి లేదు.

ఆమె చేయాల్సింది చాలా సులువు. ఫైళ్లను ముట్టుకోకుండా స్మార్ట్ ఫోల్డర్నే తీసేస్తే సరిపోయేది. `Saved Searches`లోని ఆ చిన్న ఫైలును ట్రాష్‌లో వేస్తే పోయేది ప్రశ్న ఒక్కటే, జవాబుల్లో ఒక్కదానికీ ఏమీ కాదు. మామూలు ఫోల్డరుతో అలవాటైన చేతికి ఇది పూర్తిగా తలకిందులు. అక్కడ ఫోల్డర్ని తుడిచేయడం ప్రమాదం, ఇక్కడ అదే క్షేమం. పక్కపట్టీలో పేరు మీద కుడి క్లిక్ చేసి `Remove from Sidebar` అంటే ఆ మాత్రం కూడా జరగదు. పట్టీలోంచి పేరు తొలగుతుంది, ప్రశ్న దాని చోట అలాగే ఉంటుంది.

లాగి వేరేచోట పెట్టడంలోనూ ఇలాంటి మెలికే ఉంది. స్మార్ట్ ఫోల్డర్లోంచి ఒక ఫైలును పెన్‌డ్రైవ్‌కు లాగితే కాపీ అవుతుంది, ఎందుకంటే అది వేరే డిస్క్. అదే డిస్క్‌లో ఉన్న డెస్క్‌టాప్ మీదికి లాగితే కాపీ కాదు, అసలు ఫైలే తన పాత ఇంటిని వదిలి డెస్క్‌టాప్ మీదికి వచ్చేస్తుంది. చిత్రమేమిటంటే స్మార్ట్ ఫోల్డర్లో అది అలాగే కనిపిస్తూ ఉంటుంది. పేరు మారలేదు, తేదీ మారలేదు, మ్యాక్‌లోనే ఉంది, కాబట్టి షరతులకు ఇప్పటికీ సరిపోతోంది. చూసేవాళ్లు కాపీ అయిందనే అనుకుంటారు. నెల తర్వాత క్లయింటు ఫోల్డర్లో వెతికి, లేదని గాభరా పడతారు. కాపీయే కావాలంటే లాగేటప్పుడు `Option` మీట పట్టుకోవాలి.

ఇప్పుడు, తెలియకుండా రోజూ వాడుతున్నవాళ్ల సంగతి. ఫైండర్ కిటికీ తెరవగానే చాలా మ్యాక్‌లలో ముందుగా కనిపించేది `Recents`. 2017లో హై సియెర్రాతో ఈ పేరు వచ్చింది. అంతకుముందు, 2011లో లయన్ నుంచి, ఆ చోటులో `All My Files` ఉండేది. ఈ `Recents` కూడా ఫోల్డరు కాదు. ఆపిల్ ముందే రాసి పెట్టిన ఒక వెతుకులాట, అంతే. వాడుకరి తయారుచేసుకోలేదు కాబట్టి అది స్మార్ట్ ఫోల్డరని ఎవరికీ తోచదు. డిస్క్ నిండిపోయిందని ఎవరో అంటే, ‘ఇటీవలివే కదా, జాబితాలోంచి తీసేద్దాం’ అని అందులో అన్నీ ఎంచుకుని తుడిచేసేవాళ్లున్నారు. ఫోను కాల్స్ జాబితాను, బ్రౌజర్ చరిత్రను తుడిచినట్టే అనుకుంటారు. కాల్స్ జాబితా తుడిస్తే స్నేహితుడికి ఏమీ కాదు. `Recents`లో తుడిస్తే ఫైలే ట్రాష్‌కు పోతుంది. ఆ పేరు పెట్టినవాళ్లు ఈ పొరపాటుకు దారి వేశారన్నది నిజం. చరిత్ర జాబితాకు సరిపోయే పేరును అసలు ఫైళ్లు తెరుచుకునే చోటుకు పెట్టకూడదు. పక్కపట్టీలో రంగు చుక్కలతో ఉండే ట్యాగులదీ ఇదే తీరు. ఎర్రచుక్క నొక్కితే వచ్చేది ఎర్ర ట్యాగున్న ఫైళ్ల కోసం వెతుకులాట, ఎర్ర ఫోల్డరు కాదు.

మెయిల్ యాప్‌లో స్మార్ట్ మెయిల్‌బాక్స్, ఫొటోస్‌లో స్మార్ట్ ఆల్బమ్, నోట్స్‌లో స్మార్ట్ ఫోల్డరు అన్నీ ఈ కుటుంబంలోవే. స్మార్ట్ మెయిల్‌బాక్స్‌ను తీసేస్తే ఉత్తరాలకు ఏమీ కాదు. అందులో ఒక ఉత్తరాన్ని తుడిచేస్తే మాత్రం ఇన్‌బాక్స్‌లోంచి కూడా పోతుంది.

ఇన్వాయిస్‌ల దగ్గరికే వద్దాం. ఆడిటరు లెక్క చూసి, ఏడాదిలో 67 ఇన్వాయిస్‌లు పంపినట్టు బ్యాంకు జమలు చెబుతున్నాయి, మూడు తక్కువున్నాయి అన్నాడనుకుందాం. స్మార్ట్ ఫోల్డరు 64నే ఎందుకు చూపింది? దాన్ని నమ్మేముందు తెలుసుకోవాల్సింది ఇదే: అది అడిగినదానికే జవాబు చెబుతుంది, మనసులో ఉన్నదానికి కాదు.

మొదటిది మార్చి 28 తేదీ వేసిన ఇన్వాయిస్. దాన్ని పోర్టల్ నుంచి దించుకున్నది మాత్రం ఏప్రిల్ 3న. ఇన్వాయిస్ లోపల అచ్చయిన తేదీ మ్యాక్‌కు పట్టదు. ఫైలు ఈ డిస్క్ మీద పుట్టిన రోజే దానికి తయారైన తేదీ. ఆ లెక్కన అది ఏప్రిల్ ఫైలు, షరతు దాటిపోయింది. రెండోదానికి `bill_march.pdf` అని పేరుంది. పేరులో `invoice` లేదు. మూడోది మెసేజింగ్ యాప్‌లో వచ్చింది, ఆమె అక్కడే తెరిచి చూసింది తప్ప బయటికి సేవ్ చేయలేదు. అలాంటి యాప్‌లు తమ సరుకును లైబ్రరీ ఫోల్డర్లో దాచుకుంటాయి. ఫైండరు వెతుకులాట మామూలుగా ఆ లోపలివి చూపించదు. డౌన్‌లోడ్స్‌లో సేవ్ చేస్తే గానీ అది జాబితాకు రాదు.

మొదటి రెండింటికీ మందు ఒకటే, ట్యాగు. తేదీని, పేరును నమ్ముకోవడం కంటే, ప్రతి ఇన్వాయిస్ మీద కుడి క్లిక్ చేసి `FY2425` అని ఒక ట్యాగు తగిలిస్తే, స్మార్ట్ ఫోల్డరుకు ఒక్క షరతు చాలు. షరతు వరుసలో మొదటి మెనూ తెరిచి `Other` ఎంచుకుంటే పొడవాటి జాబితా వస్తుంది, అందులో `Tags` ఉంటుంది. ట్యాగు ఫైలుకే అంటిపెట్టుకుని ఉంటుంది, కాబట్టి ఫైలు మ్యాక్‌లో ఏ ఫోల్డరుకు మారినా దానితోపాటే వెళ్తుంది. ట్యాగు వేయడం మరిచిపోతే ఫైలు కనిపించదు, నిజమే. కానీ ఆ తప్పు ఎవరిదో, ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. తేదీ మీద ఆధారపడితే అది కూడా తెలియదు.

సేవ్ చేసిన షరతులు మార్చడానికి స్మార్ట్ ఫోల్డర్ని తెరిచి, పైన మూడు చుక్కల బటన్ నొక్కి `Show Search Criteria` అనాలి. పాత వరుసలు మళ్లీ కనిపిస్తాయి. మరో సంగతి చాలామందికి తెలియదు. `Option` మీట పట్టుకుని కూడిక గుర్తు నొక్కితే ‘వీటిలో ఏదైనా ఒకటి’, ‘వీటిలో ఏదీ కాకుండా’ అనే రకం షరతులు వస్తాయి. పేరులో `invoice` గానీ `bill` గానీ ఉండాలి అని అడగడానికి ఇదొక దారి. వరుసలు మామూలుగా పేర్చుకుంటూ పోతే రెండు మాటలూ ఉండాలని అర్థం, అలాంటి ఫైలు దొరకదు.

తెలుగులో పనిచేసేవాళ్లకు మరో చిక్కుంది. ఫైలు లోపలి మాటలను కూడా స్పాట్‌లైట్ చదువుతుంది అన్నాం. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగైతే చదువుతుంది. పాత అను ఫాంట్లలో కూర్చిన పత్రాలు, వాటినుంచి తీసిన పీడీఎఫ్‌లు కంటికి తెలుగే అయినా లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చిన సంకేతాలు అవి. ‘రసీదు’ అని యూనికోడ్‌లో టైపు చేసి వెతికితే, ఆ మాట పేజీ నిండా ఉన్నా ఆ పత్రం జాబితాకు రాదు. ఎన్నో ఏళ్ల తెలుగు డీటీపీ పని ఇలాంటి ఫైళ్లలోనే ఉంది. స్కాను చేసిన కాగితం సంగతీ ఇంతే, అక్కడున్నది అక్షరాల బొమ్మ. ఇలాంటివాటికి లోపలి మాటల మీద షరతు పెట్టి లాభం లేదు. ఫైలు పేరులోనో ట్యాగులోనో ఆ మాట ఉండేట్టు చూసుకోవాలి.

షరతులన్నీ సరిగ్గా ఉన్నా ఒక్కోసారి ఫైలు కనిపించదు. కళ్లెదుట ఫోల్డర్లో ఉంది, స్మార్ట్ ఫోల్డర్లో లేదు. అప్పుడు తప్పు పట్టికది. కొత్త మ్యాక్‌కు మారిన మొదటి గంటల్లో, సిస్టమ్ అప్‌డేట్ అయ్యాక పట్టిక ఇంకా రాస్తూ ఉండవచ్చు. అప్పుడు కాస్త ఆగాలి. పట్టిక పనిచేస్తోందా లేదా అన్నది టెర్మినల్‌లో అడగవచ్చు:

```
mdutil -s /
mdfind -count 'kMDItemFSName == "*invoice*"c'
```

మొదటి వరుసకు `Indexing enabled` అని వస్తే పట్టిక నడుస్తోందని. రెండోది పేరులో `invoice` ఉన్నవి పట్టికలో ఎన్ని ఉన్నాయో ఒక అంకె చెబుతుంది. ఆ అంకె మరీ తక్కువగా ఉందంటే పట్టికను కొత్తగా రాయించాలి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్పాట్‌లైట్ విభాగానికి వెళ్లి, దాని ప్రైవసీ జాబితాలో డిస్క్‌ను చేర్చి, మళ్లీ తీసేస్తే మ్యాక్ పాత పట్టికను పారేసి మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఫైళ్లకు ఏమీ కాదు. డిస్క్ పెద్దదైతే గంటలు పట్టవచ్చు. ఆలోగా స్మార్ట్ ఫోల్డర్లు సగం సగం నిండి కనిపిస్తాయి, వాటిని చూసి ఏదీ నిర్ణయించకూడదు. అదే ప్రైవసీ జాబితాలో ఎప్పుడో ఎవరో చేర్చి మరిచిపోయిన ఫోల్డరు కూడా ఉండవచ్చు. అందులోని ఫైళ్లు ఎంత వెతికినా రావు. ముందు ఆ జాబితాను చూడడం మంచిది.

ఫైలు కనిపించకపోవడానికీ, పోవడానికీ మధ్య ఉన్న తేడా కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. స్మార్ట్ ఫోల్డర్లోనే ఒక ఫైలు పేరును `invoice_07.pdf` నుంచి `anuvadam_07.pdf`గా మారిస్తే, అది కాసేపటికి కళ్లముందే జాబితాలోంచి మాయమవుతుంది. గత ఏడు రోజుల ఫైళ్లు అని షరతు పెడితే, ఎనిమిదో రోజున ఎవరూ ముట్టుకోకుండానే కొన్ని వెళ్లిపోతాయి. అవి ఎక్కడికీ పోలేదు, షరతుకు సరిపోవడం మానేశాయి. మామూలు ఫోల్డర్లోంచి ఫైలు మాయమైతే భయపడాలి. ఇక్కడ ముందు షరతు చదవాలి.

బ్యాకప్ విషయంలో ఒక హెచ్చరిక. స్మార్ట్ ఫోల్డర్ని జిప్ చేసినా, మెయిల్‌కు జతచేసినా, క్లౌడ్‌లోకి ఎక్కించినా వెళ్లేది ఆ చిన్న ప్రశ్న ఫైలే. పాత మ్యాక్ అమ్మేముందు ‘ముఖ్యమైనవన్నీ ఈ ఫోల్డర్లో ఉన్నాయి, ఇది కాపీ చేస్తే చాలు’ అనుకుని డిస్క్ చెరిపేస్తే తిరిగి తెచ్చుకునే దారి ఉండదు. కాపీ అయ్యాక ఆ ఫోల్డర్ని వేరే కంప్యూటర్లో తెరిచి ఫైళ్లు లెక్కపెట్టుకున్నాకే పాతదాన్ని చెరపాలి. వేరే కంప్యూటరు దగ్గర లేకపోతే దాని సైజు చూసినా తెలిసిపోతుంది. ఎంచుకుని `Get Info` నొక్కితే, వందల పీడీఎఫ్‌లు చూపించే ఫోల్డరు బరువు కిలోబైట్లలో ఉందంటే అది పెట్టె కాదు, కిటికీ.

మ్యాక్ వాడేవాళ్లు ఒక్క చిన్న పని ఇప్పుడే చేసుకోవాలి. ఫైండర్‌లో `View` మెనూ తెరిచి `Show Path Bar` నొక్కండి. ఇకమీదట స్మార్ట్ ఫోల్డర్లోగానీ `Recents`లోగానీ ఏ ఫైలును ఎంచుకున్నా, అది నిజంగా ఏ ఫోల్డర్లో ఉందో కిటికీ అడుగున వరుసగా కనిపిస్తుంది. `Delete` నొక్కేముందు ఒక్కసారి ఆ వరుస చదవండి.